స్లైడ్‌లో రెండో గీత ఎందుకు అంత నిటారుగా లేచింది?

ప్రశ్న: "మా ఇమ్యునాలజీ స్లైడ్‌లో ఒక గ్రాఫ్ ఉంది. 0వ రోజు యాంటిజెన్ ఏ ఇచ్చారు, 28వ రోజు ఏ, బీ రెండూ కలిపి ఇచ్చారు. యాంటీబాడీ లెవెల్స్‌కి రెండు గీతలున్నాయి. ప్రైమరీ, సెకండరీ రెస్పాన్స్ తేడాల టేబుల్ బట్టీ కొట్టేశాను గానీ, గ్రాఫ్ చూపించి అడిగితే నోరు పెగలడం లేదు. రెండోసారి ఎందుకు అంత త్వరగా, అంత ఎత్తుకు వెళ్తుంది? అసలు ఆ బీ అక్కడెందుకు?"

ముందు సూటిగా చెప్పేస్తాను. మొదటిసారి ఏ వచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టగల బీ కణాలు ఒంట్లో చాలా కొద్దిగా ఉంటాయి, అవి నిద్ర లేచి, సంఖ్య పెంచుకుని, యాంటీబాడీ తయారుచేసే కణాలుగా మారేసరికి దాదాపు వారం పడుతుంది. ఆ పని అయిపోయాక అన్నీ చచ్చిపోవు, కొన్ని మెమరీ కణాలుగా మిగులుతాయి. అవి ముందుకన్నా సంఖ్యలో ఎక్కువ, త్వరగా స్పందిస్తాయి, యాంటిజెన్‌ని గట్టిగా పట్టుకుంటాయి. 28వ రోజు మళ్లీ ఏ వచ్చినప్పుడు పని మొదలుపెట్టేది ఈ కణాలే కాబట్టి గీత త్వరగా లేస్తుంది, ఎత్తుకు వెళ్తుంది, నెమ్మదిగా దిగుతుంది. యాంటిజెన్ బీ మాత్రం ఒంటికి కొత్త. దానికి మెమరీ లేదు. అందుకే అదే రోజు, అదే సిరంజిలో ఇచ్చినా బీ గీత అచ్చం యాంటిజెన్ ఏ తొలి గీతలాగే నింపాదిగా నడుస్తుంది.

ఇది చాలు అనుకుంటే ఇక్కడే ఆగిపోవచ్చు. కానీ వైవాలో ఈ గ్రాఫ్ ముందు పెట్టుకుని నేను అడిగే ప్రశ్నలు ఇంకా లోపలికి వెళ్తాయి, చాలామంది తడబడేదీ అక్కడే.

మొట్టమొదట నిలువు గీత మీద అంకెలు చూడండి. దాదాపు ప్రతి స్లైడ్‌లోనూ అది లాగ్ స్కేల్. అంటే 1, 10, 100, 1000, 10000 సమాన దూరాల్లో ఉంటాయి. యాంటిజెన్ ఏ తొలి శిఖరం 100 దగ్గర, రెండో శిఖరం 10000 దగ్గర ఉందనుకోండి, కంటికి రెండోది మొదటిదానికి రెట్టింపు ఎత్తులో కనిపిస్తుంది. "రెట్టింపు అయింది మేడమ్" అనేస్తారు. రెట్టింపు కాదు, వంద రెట్లు. ఇదే గ్రాఫ్‌ని మామూలు స్కేల్‌లో గీసి, రెండో శిఖరానికి కాగితం మీద 20 సెంటీమీటర్లు ఇస్తే, మొదటి శిఖరానికి దక్కేది 2 మిల్లీమీటర్లు. పెన్సిల్ మందం కాస్త ఎక్కువైతే కనిపించను కూడా కనిపించదు. అందుకే లాగ్ వాడతారు. ఒక్కసారి మీరే రెండు రకాలుగా గీసి చూడండి, ఐదు నిమిషాల పని, సెకండరీ రెస్పాన్స్ అంటే ఎంత పెద్ద విషయమో ఆ 2 మిల్లీమీటర్లు చూశాకే తెలుస్తుంది.

లాగ్ స్కేల్‌తో ఇంకో లాభం ఉంది. ఏదైనా నిర్ణీత సమయానికి రెట్టింపవుతూ పోతే లాగ్ మీద అది పైకి లేచే సరళరేఖ అవుతుంది, నిర్ణీత సమయానికి సగమవుతూ పోతే కిందికి దిగే సరళరేఖ అవుతుంది. కాబట్టి గీత ఏటవాలు చూసి వేగం చెప్పొచ్చు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, గీత దిగే భాగం దగ్గర మళ్లీ కావాలి.

ఇప్పుడు అడ్డగీత మీదికి రండి. ఇంజెక్షన్ ఇచ్చిన రోజుకీ, గీత లేవడం మొదలైన రోజుకీ మధ్య ఖాళీని లాగ్ ఫేజ్ అంటారు (ఈ లాగ్ వేరు, స్కేల్ లాగ్ వేరు, కలపకండి). ప్రైమరీలో ఇది సుమారు 4 నుంచి 7 రోజులు, శిఖరం రెండో వారంలో వస్తుంది. సెకండరీలో ఖాళీ 1 నుంచి 3 రోజులకు తగ్గిపోతుంది, వారం తిరిగేలోపే శిఖరం దగ్గరికి చేరుతుంది. ఈ అంకెలు యాంటిజెన్‌ని బట్టి, డోసుని బట్టి, జంతువుని బట్టి మారతాయి, పుస్తకానికో అంకె కనిపిస్తే టెన్షన్ పడక్కర్లేదు. సెకండరీలో ఖాళీ తగ్గుతుంది, కానీ సున్నా కాదు. ఈ ఒక్క ముక్క మీదే చివర్లో ఒక పెద్ద విషయం ఆధారపడి ఉంది.

అసలు ఆ ఖాళీ ఎందుకు తగ్గుతుంది? "మెమరీ కణాలు ఉంటాయి కాబట్టి" అని అందరూ రాస్తారు. అది నిజమే, కానీ అక్కడ ఆగకుండా చిన్న లెక్క వేద్దాం. అంకెలు నేను లెక్క కోసం పెట్టుకున్నవి, ఒంట్లో కచ్చితంగా ఇంతే ఉంటాయని కాదు. ఏ ని గుర్తుపట్టే కొత్త బీ కణాలు 1000 ఉన్నాయి. గీత లేచి కనిపించాలంటే కనీసం కోటి కణాలు కావాలి. అంటే పది వేల రెట్లు పెరగాలి. ఒక్కో విభజనకు రెట్టింపు కాబట్టి 13 నుంచి 14 విభజనలు పడతాయి. విభజనకు 10 గంటలు వేసుకుంటే సుమారు 133 గంటలు, అయిదున్నర రోజులు. ఇప్పుడు రెండోసారి. మెమరీ కణాలు 20000 ఉన్నాయి. కోటికి చేరాలంటే 500 రెట్లు చాలు, అంటే 9 విభజనలు, 90 గంటలు, నాలుగు రోజుల లోపే.

బాగానే ఉంది, కానీ జాగ్రత్తగా చూడండి. 20 రెట్లు ఎక్కువ కణాలతో మొదలుపెట్టినా కలిసొచ్చింది 43 గంటలు మాత్రమే, రెండు రోజులు కూడా కాదు. రెట్టింపయ్యే లెక్కల్లో మొదట్లో ఉన్న సంఖ్య మనం ఊహించినంత సమయం ఆదా చేయదు. కాబట్టి త్వరగా రావడానికి సంఖ్య ఒక్కటే కారణం అంటే సగం సమాధానమే. మిగతా సగం ఏమిటంటే, కొత్త బీ కణం మేలుకుని మొదటిసారి విభజన చెందడానికే ఒక రోజు అటూ ఇటూ పడుతుంది, పైగా తనకు తోడుగా రావాల్సిన హెల్పర్ టీ కణం కూడా కొత్తదే, అది కూడా అంతే అరుదు. ఈ రెండు అరుదైన కణాలూ ఒకే లింఫ్ నోడ్‌లో ఒకదానికొకటి తారసపడాలి. రెండోసారి వచ్చేసరికి బీ కణాల్లోనే కాదు, హెల్పర్ టీ కణాల్లోనూ మెమరీ ఉంటుంది. రెండు వైపులా మంది ఎక్కువ, కాబట్టి కలుసుకోవడం తేలిక. మెమరీ బీ కణానికి మేలుకోవడానికి తక్కువ యాంటిజెన్ చాలు, మేలుకున్నాక యాంటీబాడీని బయటికి వదిలే ప్లాస్మా కణంగా మారడానికి ఎక్కువ సమయం తీసుకోదు. ఇవన్నీ కలిస్తేనే గ్రాఫ్‌లో కనిపించే ఆ తేడా వస్తుంది.

ఎత్తు విషయంలో మాత్రం సంఖ్య పాత్ర పెద్దది. 1000 తో మొదలై పది విభజనలు జరిగితే పది లక్షల చిల్లర, 20000 తో మొదలై అవే పది విభజనలు జరిగితే రెండు కోట్ల చిల్లర. సమయంలో కలిసొచ్చింది కొద్దిగానే అయినా ఎత్తులో ఆ 20 రెట్లూ నేరుగా కనిపిస్తాయి. పైగా రెండోసారి వచ్చే యాంటీబాడీ చాలావరకు ఐజీజీ అనే రకం. అది రక్తంలో ఎక్కువ కాలం నిలుస్తుంది కాబట్టి పోగుపడుతుంది.

ఐజీజీ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. కొన్ని స్లైడ్లలో ఏ, బీ కాకుండా ఐజీఎం, ఐజీజీ అని రెండు గీతలు గీస్తారు. మీది మొదటి రకం, కానీ పరీక్షలో రెండో రకం వస్తే కంగారు పడకండి. ప్రైమరీలో ముందు ఐజీఎం లేస్తుంది, దాని వెనక ఐజీజీ కొద్దిగా లేస్తుంది. సెకండరీలో ఐజీఎం గీత దాదాపు మొదటిసారి ఎంత లేచిందో అంతే లేస్తుంది, ఐజీజీ గీత మాత్రం ఎక్కడికో వెళ్లిపోతుంది. "సెకండరీలో ఐజీఎం రాదు" అని రాస్తే తప్పు. వస్తుంది, ఐజీజీ పక్కన చిన్నగా కనిపిస్తుంది, అంతే.

ఇక యాంటిజెన్ బీ ఎందుకు? ఇది మంచి ప్రశ్న, స్లైడ్ చూసిన వాళ్లలో సగం మంది దీన్ని దాటేసి వెళ్లిపోతారు. బీ లేకుండా ఈ గ్రాఫ్ ఏం చెబుతుంది? 28వ రోజు ఇచ్చిన ఇంజెక్షన్‌కి పెద్ద స్పందన వచ్చిందని. దానికి ఎన్ని కారణాలైనా చెప్పొచ్చు. జంతువు నెల రోజులు పెద్దదైంది కాబట్టి అనొచ్చు. మొదటి ఇంజెక్షన్‌తో ఇమ్యూన్ సిస్టమ్ మొత్తం చురుకైంది కాబట్టి అనొచ్చు. ఈ కారణాల్లో ఏది నిజమైనా అదే రోజు ఇచ్చిన బీ కి కూడా పెద్ద స్పందన రావాలి కదా. రాలేదు. బీ గీత 28వ రోజు నుంచి మళ్లీ వారం రోజుల ఖాళీ తీసుకుని, 100 దగ్గరే శిఖరం చూసి, దిగిపోయింది. అంటే పెరిగినది ఏ ని గుర్తుపట్టే కణాల సామర్థ్యం మాత్రమే. ప్రయోగం పరిభాషలో బీ కంట్రోల్. మెమరీ నిర్దిష్టమైనది అని పుస్తకంలో రాసే వాక్యానికి సాక్ష్యం ఈ బీ గీతే. వైవాలో "ఈ గ్రాఫ్‌లోంచి బీ తీసేస్తే ఏం కోల్పోతాం?" అని అడిగినప్పుడు ఈ సమాధానం చెప్పిన విద్యార్థిని నేను ఇంక వేరే ప్రశ్న అడగను.

28వ రోజే ఎందుకు, 7వ రోజు ఇవ్వకూడదా అని కూడా అడుగుతుంటారు. ఇస్తే ఈ అందమైన గ్రాఫ్ రాదు. మెమరీ కణాల్లో నాణ్యమైనవి లింఫ్ నోడ్‌లోని జెర్మినల్ సెంటర్లలో తయారవుతాయి, అక్కడ పని వారాల తరబడి సాగుతుంది. 7వ రోజుకి ఆ పని అప్పుడే మొదలవుతోంది. పైగా మొదటి డోసు వల్ల పుట్టిన యాంటీబాడీ రక్తంలో దండిగా ఉన్న సమయంలో రెండో డోసు ఇస్తే, ఆ యాంటీబాడీయే యాంటిజెన్‌ని పట్టేసి బీ కణాలకు అందకుండా చేస్తుంది. హెపటైటిస్ బీ టీకాని 0, 1, 6 నెలలకు ఇచ్చేది ఇందుకే. మూడో డోసుకి ముందు అంత ఎడం ఉండడం వల్లే అది అంత ఎత్తుకు తీసుకెళ్తుంది. డోసు ఆలస్యమైతే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదని చెప్పేదీ ఇందుకే, మెమరీ కణాలు ఎదురుచూస్తూనే ఉంటాయి. తొందరపడి ముందే ఇస్తేనే ఇబ్బంది.

సెకండరీ ఇంజెక్షన్ ఇచ్చిన వెంటనే గీత ఒక్కసారి కాస్త కిందికి దిగి తర్వాత లేచినట్టు కొన్ని స్లైడ్లలో కనిపిస్తుంది. అది ప్రింటింగ్ తప్పు కాదు. అప్పటికే రక్తంలో ఉన్న యాంటీబాడీ కొత్తగా వచ్చిన యాంటిజెన్‌కి అతుక్కుని, రెండూ కలిసి రక్తంలోంచి తొలగిపోతాయి. కొత్త సరుకు ఇంకా రాలేదు, ఉన్నది ఖర్చయింది. అందుకే ఆ చిన్న గుంట.

గీత దిగే భాగం గురించి ఎవరూ అడగరు గానీ నాకు ఇష్టమైన భాగం అదే. ఐజీఎం రక్తంలో సుమారు 5 రోజులకు సగమవుతుంది, ఐజీజీ సుమారు 21 రోజులకు సగమవుతుంది. ఇప్పుడు ఆలోచించండి. శిఖరం తర్వాత కొత్త యాంటీబాడీ తయారీ పూర్తిగా ఆగిపోయిందనుకుందాం. 210 రోజుల్లో ఐజీజీ పదిసార్లు సగమవుతుంది, అంటే 2^10, వెయ్యిలో ఒక వంతు మిగులుతుంది. ఏడు నెలల్లో దాదాపు ఖాళీ. కానీ టెటనస్ టీకాలు పూర్తిగా వేయించుకున్న వాళ్లలో యాంటీబాడీ సగం కావడానికి 11 ఏళ్లు పడుతుందని ఏళ్ల తరబడి ఒకే మనుషుల రక్తం పరీక్షించి తేల్చారు. 21 రోజులకు సగమయ్యే పదార్థం సగం కావడానికి 11 ఏళ్లు తీసుకుంటోందంటే ఎక్కడో ఎవరో రోజూ తయారుచేస్తూనే ఉన్నారన్నమాట. ఆ పని చేసేవి ఎముక మజ్జలో స్థిరపడిన, ఎక్కువ కాలం బతికే ప్లాస్మా కణాలు. యాంటిజెన్ మళ్లీ రాకపోయినా అవి వదులుతూనే ఉంటాయి. గ్రాఫ్‌లో సెకండరీ గీత మొదట కాస్త వేగంగా దిగి, తర్వాత దాదాపు అడ్డంగా సాగిపోతుంది చూడండి, ఆ వేగంగా దిగేది తక్కువ కాలం బతికే ప్లాస్మా కణాలు చచ్చిపోయిన భాగం, అడ్డంగా సాగేది ఎముక మజ్జ భాగం.

దీంతో ఒక ముఖ్యమైన తేడా బయటపడుతుంది. రక్తంలో ఉన్న యాంటీబాడీ వేరు, మెమరీ వేరు. గ్రాఫ్‌లో గీత చూపించేది యాంటీబాడీని మాత్రమే. మెమరీ బీ కణాలు యాంటీబాడీ వదలవు, ఊరికే తిరుగుతుంటాయి. గీత నేలకు తగిలినా అవి ఉండొచ్చు. ఉన్నాయో లేవో గీత చూసి చెప్పలేం, మళ్లీ యాంటిజెన్ ఇచ్చి చూస్తేనే తెలుస్తుంది.

గ్రాఫ్ చూపించని ఇంకో విషయం పట్టు. నిలువు గీత మీద ఉన్నది ఎంత యాంటీబాడీ ఉందన్నది, ఒక్కో యాంటీబాడీ ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నది కాదు. జెర్మినల్ సెంటర్‌లో బీ కణాలు తమ యాంటీబాడీ జన్యువుల్ని కావాలనే మార్చుకుంటాయి, మామూలు మ్యుటేషన్ వేగం కంటే సుమారు పది లక్షల రెట్లు ఎక్కువ వేగంతో. ఆ మార్పుల్లో చాలావరకు పనికిరానివే, ఆ కణాలు చచ్చిపోతాయి. యాంటిజెన్‌ని ఇంకాస్త బాగా పట్టుకోగలిగినవి టీ కణాల సాయం ముందుగా దక్కించుకుని బతుకుతాయి. 1964లో ఐజెన్, సిస్కిండ్ అనే ఇద్దరు కుందేళ్లకు డీఎన్‌పీ అనే చిన్న రసాయనాన్ని ప్రొటీన్‌కి తగిలించి ఇచ్చి, వారాలు గడిచే కొద్దీ వచ్చే యాంటీబాడీ పట్టు పెరుగుతూ పోతుందని చూపించారు. కాబట్టి సెకండరీలో వంద రెట్లు ఎక్కువ అని గ్రాఫ్ చెబుతున్నది కూడా నిజానికి తక్కువ చేసి చెప్పడమే. అవి సంఖ్యలోనే కాదు, పనితనంలోనూ మెరుగు. మొదట్లో ఐజీఎం పట్టు బలహీనంగానే ఉంటుంది, కానీ దానికి పది చేతులు, పదీ కలిసి పట్టుకుంటే ఊడదు. ఆ లోపు ఐజీజీ మెరుగుపడి రంగంలోకి దిగుతుంది.

ఈ గ్రాఫ్ ఎక్కడ పనిచేయదో కూడా తెలిసి ఉండాలి. యాంటిజెన్ ఏ ఒక ప్రొటీన్ అయితేనే ఇదంతా. శుద్ధి చేసిన పాలిశాకరైడ్, అంటే బ్యాక్టీరియా పైపొర మీది చక్కెర గొలుసు, ఇస్తే హెల్పర్ టీ కణాలు దాన్ని చూడలేవు, టీ సాయం లేకపోతే జెర్మినల్ సెంటర్ సరిగా నిలబడదు, మెమరీ రాదు. రెండో డోసు గీత మొదటి డోసు గీతలాగే ఉంటుంది, చాలావరకు ఐజీఎం. రెండేళ్ల లోపు పిల్లల్లో అయితే మొదటి గీత కూడా సరిగా లేవదు. న్యుమోకాకస్, హిబ్ టీకాల్లో ఆ చక్కెరని ప్రొటీన్‌కి తగిలించి కాంజుగేట్ టీకా చేసింది ఈ గ్రాఫ్‌లోని రెండో గీత తెప్పించడానికే.

ఇప్పుడు నా పనిలో తరచూ ఎదురయ్యే ఒక కేసు చెబుతాను, గ్రాఫ్ మొత్తం ఇందులో ఉంది. నర్సింగ్ చదువుతున్న అమ్మాయి, పసితనంలోనే హెపటైటిస్ బీ మూడు డోసులూ పడ్డాయి, కార్డు కూడా ఉంది. వార్డు పోస్టింగ్‌కి ముందు, ఆ టీకా యాంటీబాడీ ఎంత ఉందో చూసే యాంటీ హెచ్‌బీఎస్ పరీక్ష చేయిస్తే మిల్లీలీటరుకు 4 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు వచ్చింది. రక్షణకు గీత 10. "మేడమ్, నా టీకా పోయిందా?" అని ఏడుపు మొహంతో వచ్చింది.

గ్రాఫ్ పక్కన పెట్టుకుని ఆలోచించండి. పసితనంలో ఎక్కిన గీత పద్దెనిమిది, ఇరవై ఏళ్లలో దిగుతూ 4 దగ్గరికి వచ్చింది. ఇది యాంటీబాడీ కబురు, మెమరీ కబురు కాదు. రెండు అవకాశాలున్నాయి. మెమరీ ఉండి యాంటీబాడీ తగ్గి ఉండొచ్చు, లేదా అప్పట్లోనే టీకా అందుకోక ఉండొచ్చు. ఈ 4 అనే అంకె రెంటికీ సరిపోతుంది. తేల్చుకోవాలంటే ఒక డోసు ఇచ్చి గీత ఎలా లేస్తుందో చూడాలి. ఒక డోసు ఇచ్చాం. మూడో రోజుకే "మళ్లీ టెస్ట్ చేయించుకోనా" అంది, వద్దన్నాను, ఎందుకంటే మెమరీ ఉన్నా ఆ ఖాళీ సున్నా కాదు కదా, మూడో రోజు 5 వస్తే అనవసరంగా ఇంకో వారం నిద్ర పోదు. ఒకటి నుంచి రెండు నెలల మధ్య చూడాలి. నెల దాటాక చూస్తే వందల్లో ఉంది. మెమరీ చెక్కుచెదరలేదన్నమాట.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఒక డోసుకి 10 దాటినంత మాత్రాన అది సెకండరీయే అని కచ్చితంగా చెప్పలేం, అసలు టీకా పడని పెద్దవాళ్లలో కూడా కొందరు మొదటి డోసుకే 10 దాటతారు. కానీ ఆ ఎత్తు సాధారణంగా కొద్దిగానే ఉంటుంది. మూడు డోసుల చరిత్ర ఉండి, ఒక్క డోసుకి వందల్లోకి వెళ్తే అది రెండో రకం గీత. ఒకవేళ నెల తర్వాత కూడా 10 దాటకపోతే మిగతా రెండు డోసులూ ఇచ్చి మళ్లీ చూస్తాం, అప్పటికీ రాకపోతే హెచ్‌బీఎస్ యాంటిజెన్ పరీక్ష చేస్తాం, ఎందుకంటే ఒంట్లో వైరస్ ముందే తిష్ట వేసుకుని ఉన్నా యాంటీబాడీ కనిపించదు.

ఆ అమ్మాయి ఇంకో మంచి ప్రశ్న అడిగింది. "మెమరీ ఉందని తెలిశాక, మళ్లీ పదేళ్లకు 4 కి వస్తే బూస్టర్ వేసుకోవాలా?" ఆరోగ్యంగా ఉండి, ఒకసారి 10 దాటినట్టు రుజువైతే సాధారణంగా అక్కర్లేదు. కారణం గ్రాఫ్‌లోని ఆ ఖాళీయే. హెపటైటిస్ బీ వైరస్ ఒంట్లోకి వచ్చాక జబ్బు బయటపడడానికి సగటున రెండు మూడు నెలలు పడుతుంది. సెకండరీ రెస్పాన్స్‌కి కావలసింది కొద్ది రోజులు. వైరస్ ఇంకా ఊపు అందుకోకముందే యాంటీబాడీ గీత ఆకాశానికి లేస్తుంది, మెమరీ ఒక్కటే సరిపోతుంది. డయాలిసిస్‌లో ఉన్నవాళ్లకీ, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకీ ఈ మాట వర్తించదు, వాళ్లకు అంకె చూసుకుంటూ బూస్టర్ ఇవ్వాల్సిందే.

డిఫ్తీరియాకి ఇదే తర్కం వాడితే మాత్రం ప్రమాదం. దానికి ఇన్క్యుబేషన్ సాధారణంగా 2 నుంచి 5 రోజులే. టాక్సిన్ కణంలోకి దూరిపోయాక యాంటీబాడీ వచ్చి చేసేదేమీ లేదు. మెమరీ కణాలు మేలుకుని, విభజన చెంది, సరిపడా ఐజీజీ వదిలేసరికి నాలుగైదు రోజులు గడిచిపోతాయి, ఈ పరుగులో టాక్సిన్ ముందుండొచ్చు. అందుకే డిఫ్తీరియా, టెటనస్ లాంటి టాక్సిన్ జబ్బుల విషయంలో "మెమరీ ఉందిలే" అని వదిలేయకుండా, రక్తంలో యాంటీబాడీ ఎప్పుడూ గీత పైనే ఉండేలా పదేళ్లకోసారి బూస్టర్ ఇస్తారు. మీ స్లైడ్‌లో 28వ రోజుకీ గీత లేచిన చోటుకీ మధ్య ఉన్న ఆ కాస్త దూరాన్ని స్కేల్‌తో కొలిచి రోజుల్లోకి మార్చండి, దాని పక్కన మీకు తెలిసిన జబ్బుల ఇన్క్యుబేషన్ కాలాలు రాసుకోండి. ఏ జబ్బుకి మెమరీ చాలో, దేనికి చాలదో మీకే కనిపిస్తుంది.